మొండి పిల్లాడి ఇంట్లో తొమ్మిది వారాలు

“జర భయం చెప్పున్రి సారూ. సూది ఏస్తనని అనున్రి.” పెద్దమందడి లాంటి మండల కేంద్రంలో ఎదురుతిరిగే పిల్లవాణ్ని డాక్టరు దగ్గరికి తీసుకొచ్చిన తల్లి తరచుగా అడిగే సాయం ఇదే. డాక్టరు కళ్లెర్రజేస్తే పిల్లవాడు గడప దాటేదాకా బుద్ధిగా ఉంటాడు. ఇల్లు చేరగానే కథ మొదటికొస్తుంది. ఎందుకంటే పోట్లాట పుట్టేది ఇంట్లో, సాయంత్రం ఏడింటికి, అన్నం వేళ. దాన్ని నడిపే కారణాలన్నీ అక్కడే ఉంటాయి. పేరెంట్ మేనేజ్‌మెంట్ ట్రైనింగ్ అనే చికిత్స ఆ కారణాల మీదే పనిచేస్తుంది. ఇందులో మందు లేదు. పిల్లవాడితో గంటల తరబడి కౌన్సెలింగ్ కూడా లేదు. పెద్దవాళ్లు ఏ పని ముందు చేయాలి, ఏ పని తర్వాత చేయాలి అన్నది వారానికొక మెట్టు చొప్పున నేర్పుతారు.

ఈ వ్యాసం ఆ మెట్లను వరుసగా చెబుతుంది. వనపర్తి జిల్లాలో పిల్లలను చూసే మెడికల్ ఆఫీసర్లు, సైకాలజిస్టులు, కౌన్సెలర్లు చేతిలో పెట్టుకుని వాడుకునేలా రాశాను. ఇందులో కనిపించే కుటుంబం ఏ ఒక్క ఇంటిదీ కాదు. పాఠం కోసం అల్లినది. పిల్లవాడికి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. తల్లి పత్తి ఏరడానికి, పల్లికాయ తెంపడానికి కూలికి వెళుతుంది. తండ్రి హైదరాబాదులో సెంట్రింగ్ పనిలో ఉంటాడు, నెలకోసారి వస్తాడు. ఇంట్లో నాయనమ్మ ఉంటుంది, పిల్లలు ఆమెను అవ్వ అంటారు. ఐదేళ్ల చెల్లెలు కూడా ఉంది. పాలమూరు వలసలు తెలిసినవారికి ఈ ఇల్లు కొత్తేమీ కాదు.

సెషన్లకు ముందు

మొండితనం ఉన్న ప్రతి పిల్లవాడికీ ఈ శిక్షణ అక్కర్లేదు. 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5 ప్రకారం ఆపోజిషనల్ డిఫయంట్ డిజార్డర్ అనాలంటే ఎనిమిది లక్షణాల్లో కనీసం నాలుగు, ఆరు నెలలకు తగ్గకుండా ఉండాలి. చిటికెలో కోపం రావడం, ప్రతిదానికీ చిరాకు, పెద్దలతో వాదన, చెప్పిన పని చేయననడం, కావాలని ఎదుటివాళ్లను ఉడికించడం, తన తప్పును ఇంకొకరి మీదికి నెట్టడం, కసి తీర్చుకోవడం వంటివి ఆ లక్షణాలు. ఐదేళ్లు దాటిన పిల్లల్లో ఇవి కనీసం వారానికోసారి కనబడాలి. కసి లక్షణానికి మాత్రం ఆరు నెలల్లో రెండుసార్లు చాలు. తోబుట్టువుతో మాత్రమే కొట్లాడే పిల్లవాడు ఈ లెక్కలోకి రాడు.

లక్షణాలు లెక్కపెట్టే ముందు మూడు పనులు చేయండి. చెవి చూడండి. చీము కారి వినికిడి తగ్గిన పిల్లవాడు పిలిస్తే పలకడు, పెద్దలకు అది మొండితనంలా కనిపిస్తుంది. ఒకటో తరగతి వాచకం తెరిచి చదివించండి. అక్షరాలు కూడబలుక్కోలేని పిల్లవాడు హోంవర్క్ అనగానే పుస్తకం విసిరేస్తే, అతనికి ముందు కావాల్సింది చదువులో సాయం. మూడోది, తల్లిని ఒంటరిగా కూర్చోబెట్టి ఆమె నిద్ర, దిగులు, ఇంట్లో తాగుడు, దెబ్బల గురించి అడగండి. భర్త చేతిలో దెబ్బలు తింటున్న తల్లికి పిల్లవాణ్ని మెచ్చుకోవడం నేర్పబోతే ఆ పాఠం ఒక్క పూట కూడా నిలవదు. ముందు ఆమె భద్రత చూడాలి. ఏడీహెచ్‌డీ ఉన్నట్టు అనిపిస్తే సైకియాట్రిస్టుకు చూపించండి. వనపర్తిలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది కాబట్టి, పెద్ద ఆసుపత్రి అంటే హైదరాబాదే అనుకోవాల్సిన రోజులు పోయాయి.

మన పిల్లవాడికి చెవులు బాగున్నాయి. చదువులో కొంచెం వెనుకే ఉన్నా వాచకం చదువుతాడు. వాదన, కోపం, చెప్పింది చేయకపోవడం, చెల్లెల్ని ఉడికించడం, తప్పు ఇంకొకరిదనడం ఏడాదిగా సాగుతున్నాయి. బడిలో టీచరుతోనూ అంతే.

మొదటి సెషన్: ఉచ్చు

తల్లి, అవ్వ ఇద్దరూ రావాలి. అవ్వ రాకపోతే సెషన్ వాయిదా వేయడమే మేలని నా అభిప్రాయం. పగలంతా పిల్లవాడు ఉండేది ఆమె దగ్గరే. తండ్రిని ఫోన్ స్పీకరులో పెట్టండి. పిల్లవాణ్ని పది నిమిషాలు పలకరించి బయట ఆడుకోనివ్వండి.

నిన్న సాయంత్రం ఏం జరిగిందో మాటకు మాట చెప్పమని అడగండి. “వాడు వినడు” అన్న మాట దగ్గర ఆగొద్దు. ముందు ఎవరేమన్నారు, వాడేం చేశాడు, ఆ తర్వాత ఏమైంది అని వరుసగా రాబట్టండి. మన ఇంట్లో జరిగింది ఇది. తల్లి పత్తి ఏరి వచ్చి పొయ్యి దగ్గర నుంచే, “ఫోనియ్యిరా, బువ్వ తిందువు,” అంది. వాడు కదలలేదు. నాలుగైదుసార్లు అరిచింది. చివరికి వచ్చి ఫోన్ లాక్కుంది. వాడు కింద పడి కేకలు పెట్టి, కంచాన్ని కాలితో తన్నాడు. మంచం మీంచి అవ్వ, “పసిపోరడు, ఎందుకేడిపిస్తవే? సూడనియ్యరాదు,” అంది. “సూడు, ఏమన్న సేస్కో,” అని తల్లి ఫోన్ ఇచ్చేసింది. ఇల్లు నిశ్శబ్దమైంది.

ఇప్పుడు కాగితం తీసి బొమ్మ గీయండి. కేకలు పెడితే ఫోన్ వస్తుందని పిల్లవాడు నేర్చుకున్నాడు. ఇది అందరికీ తెలిసే సగం. తెలియని సగం తల్లి వైపు ఉంది. ఫోన్ ఇవ్వగానే కేకలు ఆగాయి. పగలంతా వంగి పనిచేసి వచ్చిన మనిషికి ఆ నిశ్శబ్దమే పెద్ద బహుమానం. అంటే లొంగిపోవడం ఆమెకూ అలవాటవుతోంది. ఇంకో రోజు ఆమె రెండు దెబ్బలు వేస్తుంది, వాడు ఏడుస్తూ ఫోన్ పడేస్తాడు. అప్పుడు దెబ్బ పనిచేసిందని ఆమె నేర్చుకుంటుంది. ఇలా ఒకరి గొంతు ఇంకొకరి గొంతును పెంచుతూ పోతుంది. అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే సైకాలజిస్టు తన బృందంతో ఇళ్లలోకి వెళ్లి, తల్లీబిడ్డల మధ్య క్షణక్షణం జరిగేది రాసుకుని ఈ ఉచ్చును కనిపెట్టాడు. 1982లో దాని మీద పుస్తకం రాశాడు. పోట్లాట సైజు పెద్దదైనా, దాన్ని కట్టే ముడులు ఇలా కొన్ని సెకన్ల పాటివేనని ఆ పరిశీలనలు చూపించాయి.

మన పల్లెటూరి ఇంట్లో ఈ ఉచ్చుకు ఇంకో ముడి ఉంది. తల్లి వద్దంటే అవ్వ ఇస్తుంది, అవ్వ వద్దంటే ఎనిమిదింటికి ఫోన్ చేసిన తండ్రి, “ఇయ్యరాదే వానికి,” అంటాడు. ప్రతిసారీ గెలిచే పిల్లవాడి కంటే నాలుగుసార్లలో ఒకసారి గెలిచే పిల్లవాడు ఎక్కువసేపు పట్టుబడతాడు. ఎప్పుడు గెలుస్తాడో తెలియదు కాబట్టి ఆగడు. ముగ్గురు పెద్దల్లో ఒక్కరు మెత్తబడినా ఆ గెలుపు దొరుకుతుంది.

ఈ బొమ్మ చూపేటప్పుడు తల్లి ముఖం చూడండి. “అంటే తప్పంత నాదేనా?” అన్న ప్రశ్న ఆమె అడగకపోయినా ఉంటుంది. పిల్లల్లో కొందరు పుట్టుకతోనే తొందరగా రేగుతారని, అలాంటి పిల్లవాడి దగ్గర ఏ తల్లయినా ఈ ఉచ్చులో పడుతుందని చెప్పండి. అది ఓదార్పు కోసం చెప్పే అబద్ధం కాదు. ఆమె పెంచిన చెల్లెలు అలా లేదు కదా.

ఇంటిపని ఒక్కటే. గోడ క్యాలెండరు మీద రోజూ ఒక్కో పోట్లాటకు ఒక గీత పెట్టాలి. చివరికి పెద్దలు లొంగితే ఆ గీతకు సున్నా చుట్టాలి. చదువు రానివాళ్లూ చేయగల లెక్క ఇది. మొదటి వారం మన ఇంట్లో 21 గీతలు పడ్డాయి, వాటిలో 16కు సున్నాలున్నాయి. ఈ వారం వేరే ఏదీ మార్చమని చెప్పకండి.

రెండో సెషన్: పది నిమిషాలు

ఈ వారం తల్లి శిక్ష కోసం ఎదురుచూస్తూ వస్తుంది. మీరు ఆట నేర్పబోతున్నారు. ఈ వరుస ఎందుకో ఆమెకు విడమరిచి చెప్పాలి. ఆరెగన్‌కే చెందిన కాన్‌స్టెన్స్ హాన్ఫ్ ఈ శిక్షణను రెండు దశలుగా విడదీసింది. ముందు దగ్గరితనం, తర్వాతే హద్దులు. తర్వాత వచ్చిన చాలా పద్ధతులు ఆమె వరుసనే నిలుపుకున్నాయి. పోట్లాటలు ముదిరిన ఇంట్లో తల్లి నోటి నుంచి పిల్లవాడికి దక్కేవి ఆజ్ఞలు, తిట్లే. ఆమె పలకరింపుకు విలువ లేకుండా పోయినప్పుడు, ఆ పలకరింపును ఆపడం శిక్ష ఎలా అవుతుంది? శిక్ష పనిచేయాలంటే కోల్పోవడానికి ముందు ఏదో ఒకటి ఉండాలి.

రోజుకు పది నిమిషాలు తల్లి పిల్లవాడి పక్కన కూర్చుంటుంది. ఏం ఆడాలో వాడే చెబుతాడు. ఆమె మూడు పనులు మానాలి: ఆజ్ఞ, ప్రశ్న, తప్పుపట్టడం. వాడు చేసేది క్రికెట్ కామెంటరీలాగా పైకి చెబుతూ పోవాలి. “గోలీ గీత మీద పెట్టినవ్. ఇంకోటి దాని పక్కన పెడుతున్నవ్.” వినడానికి సులువే. క్లినిక్కులోనే పిల్లవాణ్ని పిలిచి, తల్లి చేత చేయించి చూడండి. ఒక్క నిమిషంలోనే “ఇవి ఎన్ని ఉన్నయ్? లెక్కపెట్టు,” అంటుంది. పిల్లలతో ఉన్నంతసేపూ ఏదో ఒకటి నేర్పాలన్న తపన మన పెద్దలకు చాలా గట్టిది. ప్రశ్న వచ్చిన ప్రతిసారీ మెల్లగా, “అదే మాటను చెప్పినట్టు అనమ్మా,” అని సరిదిద్దండి. “ఐదు గోలీలు పెట్టినవ్” చాలు.

టైము ముందే ఖాయం చేయండి. పని నుంచి రాగానే కుదరదు. అన్నాలయ్యాక, చెల్లెలు అవ్వ దగ్గర కథ వింటున్నప్పుడు కుదురుతుంది. చెల్లెలికీ ఐదు నిమిషాలు ఇవ్వాలి, లేకపోతే మధ్యలోకి వస్తుంది. ఆ రోజు పిల్లవాడు ఎంత అల్లరి చేసినా ఈ పది నిమిషాలు రద్దు కావు. దీన్ని బహుమతిగా, శిక్షగా వాడిన రోజున దీని పని చెడిపోతుంది.

మూడో సెషన్: మెప్పు, దిష్టి, చూడనట్టు ఉండటం

మంచి పని చేసిన వెంటనే ఆ పని పేరు చెప్పి మెచ్చుకోవడం ఈ వారం పాఠం. ఇక్కడ మీకు రెండు అడ్డంకులు వస్తాయి. అవ్వ “పొగిడితే దిష్టి తగుల్తది” అంటుంది. తల్లి “మెచ్చుకుంటే ఇంక నెత్తికెక్కుతడు” అంటుంది. వాదించకండి. పిల్లవాణ్ని పొగడొద్దు, పనిని చెప్పండి చాలు అనండి. “నా కొడుకు బంగారం” అంటే దిష్టి భయం. “పిలవంగనే వచ్చినవ్ బిడ్డా” అంటే అది జరిగిన సంగతి. విచిత్రమేమిటంటే శాస్త్రం కోరేదీ ఈ రెండోదాన్నే. ఏ పని నచ్చిందో తెలిస్తేనే పిల్లవాడు దాన్ని మళ్లీ చేస్తాడు. మెచ్చుకుంటూ భుజం మీద చెయ్యి వేయడం, పని జరిగిన కొన్ని సెకన్లలోనే అనడం ముఖ్యం. “ఇయ్యాల మంచిగున్నవ్, రోజూ గిట్లుంటే ఏం పోతది?” అన్న మాటలో మెప్పు ముందు భాగంలో ఉంటే చురక తోకలో ఉంది. పిల్లవాడికి గుర్తుండేది తోకే.

దీనికి జోడీగా చిన్నపాటి సణుగుడు, దీర్ఘాలు తీయడం, ఎక్కిరించడం వంటివి చూడనట్టు ఉండాలి. అంటే ముఖం తిప్పుకోవాలి, మాట్లాడకూడదు, మరో పనిలో పడాలి. సణుగుడు ఆగిన మరుక్షణం మామూలుగా పలకరించాలి. కొట్టడం, రాళ్లు విసరడం, పొయ్యి, రోడ్డు, బావి జోలికి వెళ్లడం మాత్రం ఎప్పుడూ చూడనట్టు వదలకూడదు.

ఈ సెషన్ ముగిసేలోపు మీరు చెప్పి తీరాల్సిన మాట ఒకటుంది. చెప్పకపోతే కుటుంబం నాలుగో వారం రాదు. ఇన్నాళ్లూ పనిచేసిన ఏడుపు హఠాత్తుగా పనిచేయకపోతే పిల్లవాడు ముందు దాన్ని పెంచుతాడు. ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువసేపు ఏడుస్తాడు. ఆ పెరుగుదల పద్ధతి పనిచేస్తోందనడానికి గుర్తు. సరిగ్గా అప్పుడు లొంగితే, ఇంత గట్టిగా ఏడిస్తే వస్తుందని నేర్పినట్టవుతుంది, ముందుకంటే అధ్వానం. మన ఇంట్లో ఈ వారం గీతలు 21 నుంచి 29కి పెరిగాయి. అయితే సున్నాలు 16 నుంచి 9కి తగ్గాయి. తల్లి గీతలు చూసి కంగారు పడింది. ఆమెకు చూపించాల్సింది సున్నాలను. ఒకవేళ గీతలతో పాటు సున్నాలూ పెరిగి ఉంటే అర్థం వేరు, ఎవరో ఒకరు మధ్యలో లొంగుతున్నారు. మన ఇంట్లో మిగిలిన ఆ తొమ్మిదిలో చాలావరకు అవ్వ ఒంటరిగా ఉన్న వేళవే. ఆమెను తప్పుపట్టకండి. ఆ వయసులో గంటసేపు ఏడుపు భరించడం కష్టం. “ఏడుపు మొదలుకాగానే అరుగు మీదికొచ్చి కూసో అవ్వా, కనబడేటట్టు. వాడు ఆపినంక లోపలికి పో,” అని ఆమె చేయగల పని ఇవ్వండి.

నాలుగో సెషన్: చెప్పే తీరు

తల్లి రోజులో ఇచ్చే ఆజ్ఞల్లో సగం అక్కర్లేనివే. ఈ వారం వాటిని తగ్గించి, మిగిలినవాటిని మార్చాలి. పొయ్యి దగ్గర నుంచి అరవకూడదు. పిల్లవాడికి రెండడుగుల దూరానికి వెళ్లి, పేరు పిలిచి, కళ్లు కలిశాక ఒక్క పనే చెప్పాలి. “ఫోనిస్తవా?” అని అడిగితే “ఇయ్య” అనడానికి వాడికి దారి ఇచ్చినట్టే. “ఫోన్ నా చేతిలో పెట్టు” అనాలి. “అల్లరి చేయకు” కంటే “మంచం మీద కూసో” మెరుగు, ఎందుకంటే ఏం చేయాలో అందులో ఉంది. చెప్పాక నోరు మూసుకుని మనసులో ఐదు లెక్కపెట్టాలి. ఆ ఐదు సెకన్లు ఊరుకోవడమే అన్నిటికంటే కష్టమైన భాగం. చాలామంది రెండు లెక్కపెట్టేలోపే మళ్లీ చెబుతారు. వింటే వెంటనే మెప్పు. వినకపోతే ఏం చేయాలన్నది ఆరో సెషన్‌లో వస్తుంది కాబట్టి, ఈ వారం వాడు ఎలాగూ చేసే తేలికైన పనులే ఎక్కువగా చెప్పించండి. “ఈ గిన్నె అవ్వకియ్యి” వంటివి.

మామూలు పిల్లలు కూడా చెప్పిన ప్రతి మాటా వినరని తల్లికి గుర్తు చేయండి. పదింట రెండు మూడు మాటలు తప్పడం ఏ ఇంట్లోనైనా ఉంటుంది. నూటికి నూరు ఆశించే ఇంట్లో ఈ శిక్షణ ఎప్పటికీ ఓడిపోయినట్టే కనిపిస్తుంది.

ఐదో సెషన్: చింతగింజలు

పుస్తకాల్లో ఈ మెట్టుకు ప్లాస్టిక్ బిళ్లలు వాడమంటారు. మన దగ్గర చింతగింజలు చాలు. అయితే ఇంట్లో, వీధిలో ఎక్కడ చూసినా దొరుకుతాయి కాబట్టి, లెక్కలోకి వచ్చే గింజలకు గోళ్ల రంగు పూసి తల్లి తన దగ్గరే దాచాలి. గింజలు వేయడానికి మూత ఉన్న సీసా పిల్లవాడిదే.

మన ఇంటి లెక్క ఇలా కుదిరింది. ఒక్క పిలుపుకు లేస్తే రెండు, బడిగంటకు ముందే తయారైతే రెండు, హోంవర్క్‌కు ఇరవై నిమిషాలు కూర్చుంటే మూడు, అడగగానే ఫోనిస్తే మూడు, సాయంత్రం చెల్లెల్ని కొట్టకపోతే రెండు. రోజుకు మొత్తం పన్నెండు. ఖర్చు వైపు చూస్తే అన్నాలయ్యాక అరగంట ఫోన్‌కు నాలుగు, చీకటి పడేదాకా సైకిల్‌కు నాలుగు. నాయిన వచ్చినప్పుడు బండి మీద కొత్తకోట పోయి రావడానికి నలభై. అంటే మూడింట రెండు వంతులు ఏ రోజుకారోజు ఖర్చవుతాయి, రోజుకు నాలుగు మిగిలితే పది రోజుల్లో పెద్ద కోరిక తీరుతుంది. ఈ నిష్పత్తి తప్పితే పథకం కూలిపోతుంది. అంతా పొదుపే అయితే ఎనిమిదేళ్ల పిల్లవాడికి రేపు అన్నది చాలా దూరం, మూడో రోజుకే మానేస్తాడు. ఖర్చులు మరీ చవకైతే సీసా నిండి, సంపాదించాల్సిన అవసరమే ఉండదు.

“మంచిగుండనీకి లంచమియ్యాల్నా?” అని తండ్రి ఫోనులో అడుగుతాడు. ఫోన్, సైకిల్, బండి షికారు వాడికి ఇప్పటికే ఊరికే అందుతున్నాయని, కొత్తగా కొనేదేమీ లేదని, ఇప్పుడు వాటికి ముందు ఒక పని పెడుతున్నామని చెప్పండి. రూపాయలు, చిప్స్ ప్యాకెట్లు ఈ లెక్కలోకి రానివ్వకండి. మొదటి వారం గింజలు ఇవ్వడమే, తీసుకోవడం లేదు. కోపంలో సీసా ఖాళీ చేసిన తల్లి మర్నాడు కొత్తగా మొదలుపెట్టలేదు. వాడికి ఆ గింజల మీద నమ్మకం పోతుంది.

ఆరో సెషన్: శిక్ష వంతు

మొదటి రోజు తల్లి అడిగింది ఆరో వారం అందుతుంది. ఒకసారి చెప్పాలి, ఐదు లెక్కపెట్టాలి. వినకపోతే ఒకే ఒక హెచ్చరిక: “ఫోన్ పెట్టకపోతే పీట మీద కూసుంటవ్.” మళ్లీ ఐదు. అప్పటికీ వినకపోతే పీట. తిట్టు లేదు, వాదన లేదు. గోడ వైపు వేసిన పీట మీద ఐదు నిమిషాలు కూర్చోవాలి. అంతకంటే పొడిగిస్తే ఎక్కువ లాభమేమీ లేదు. చివరి అరనిమిషం నిశ్శబ్దంగా ఉంటే లేవొచ్చు. లేచాక మొదట చెప్పిన పనే మళ్లీ చెప్పాలి. ఇది మరిచిపోతే, పీట ఎక్కితే పని తప్పుతుందని వాడు నేర్చుకుంటాడు.

వేరే గది లేని ఇళ్లలో ఇది కుదరదని చాలామంది క్లినిషియన్లు వదిలేస్తారు. గది అక్కర్లేదు. టీవీ ఆపేసి, ఆ ఐదు నిమిషాలు ఇంట్లో ఎవరూ పిల్లవాడితో మాట్లాడకపోతే చాలు. అరుగు మీద కూర్చోబెట్టకండి, దోస్తులు వచ్చి ముచ్చట పెడతారు. చీకటి కొట్టం, గొళ్లెం పెట్టిన తలుపు, ఎండలో నిలబెట్టడం ఏవీ ఈ పద్ధతిలో లేవు. ఆ మాట తల్లి చేత తిరిగి చెప్పించండి. పిల్లవాడు పీట దిగి పరుగెత్తితే వెంటపడి పట్టుకోవద్దు, ఆ కుస్తీయే వాడికి ఆటవుతుంది. ఆ రాత్రి అరగంట ఫోన్ పోయిందని ఒక్కసారి చెప్పి వదిలేయాలి. పీటను రెండు తప్పులకే వాడాలి: హెచ్చరిక దాటడం, కొట్టడం. కొడితే హెచ్చరిక కూడా అక్కర్లేదు.

రోజుకు పీట ఎన్నిసార్లు పడిందో రాయించండి. మొదటి మూడు నాలుగు రోజులు ఎక్కువగా ఉండి తర్వాత పడిపోవాలి. రెండో వారం కూడా అదే సంఖ్య ఉంటే శిక్ష పెంచకండి, పది నిమిషాల ఆట జరుగుతోందా అని అడగండి. సాధారణంగా అది ఆగిపోయి ఉంటుంది. మన తల్లి విషయంలోనూ పల్లికాయ పనులు మొదలయ్యాక ఆట మూడు రోజులు తప్పింది, పీట లెక్క ఎగబాకింది.

ఏడు, ఎనిమిది: అంగడి, బడి

బయట జరిగే గొడవలకు కొత్త సూత్రమేమీ లేదు. అంగడికో, పెళ్లికో బయలుదేరే ముందు గడప దగ్గరే రెండు నియమాలు, ఒక బహుమతి, ఒక నష్టం చెప్పి, వాడి చేత తిరిగి చెప్పించాలి. నలుగురిలో పరువు పోతుందని తల్లి లొంగే చోటు ఇదే కాబట్టి, మొదటిసారి సామాన్లు కొనే అవసరం లేని రోజున సాధన కోసమే వెళ్లి రమ్మనండి. గొడవైతే వెంటనే వెనక్కి వచ్చేయొచ్చు.

బడికి ఒక చిన్న కార్డు పంపండి. రెండు పనులే ఉండాలి: చెప్పిన చోట కూర్చున్నాడు, చేతులు తన దగ్గరే ఉంచుకున్నాడు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి చొప్పున టీచరు టిక్కు పెడతారు. ఇంట్లో టిక్కుకు ఒక గింజ. రెండు తరగతులు ఒకేసారి నడిపే టీచరుకు నిమిషం కంటే ఎక్కువ పట్టే కార్డు ఇస్తే వారం తర్వాత అది ఖాళీగా వస్తుంది. టిక్కు లేని కార్డుకు ఇంట్లో శిక్ష ఉండకూడదు, ఉంటే కార్డే దారిలో మాయమవుతుంది. టీచరు బెత్తం సంగతి ఎత్తితే, 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించిందని గౌరవంగానే గుర్తు చేయండి.

తొమ్మిదో సెషన్, ఆ తర్వాత

చివరి సెషన్‌లో మీరు మాట్లాడటం తగ్గించి, రాబోయే చిక్కును తల్లి చేత ఊహింపజేయండి. సంక్రాంతికి తండ్రి పది రోజులు ఇంట్లో ఉంటాడు, చుట్టాలొస్తారు, నియమాలు సడలుతాయి. అప్పుడేం చేస్తారు? ఆమె చెప్పిన జవాబులో ఆట, గీత, ఒకే మాట అన్న మూడూ ఉంటే నేర్చుకున్నట్టే. గింజలను ఒక్కసారిగా ఆపొద్దు. బాగా అలవాటైన పనిని ఒక్కొక్కటిగా లెక్క నుంచి తీసేస్తూ, మెప్పు మాత్రం ఉంచాలి. మన ఇంట్లో తొమ్మిదో వారానికి గీతలు ఎనిమిది, సున్నాలు రెండు. పొద్దున లేవడం ఇంకా గొడవే. అది ఒప్పుకోదగ్గ ఫలితం.

నెల తర్వాత ఒకసారి, మూడు నెలల తర్వాత ఒకసారి పిలవండి. వనపర్తికి పోయి రావాలంటే ఒక పూట కూలి పోతుంది కాబట్టి వాటిలో ఒకటి ఫోనులో జరిపినా నష్టం లేదు. మధ్యలో రాకుండా పోయే కుటుంబాలు ఈ చికిత్సలో ప్రపంచమంతటా ఎక్కువే. యేల్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు దీని మీద పనిచేసిన అలన్ క్యాజ్‌డిన్, కుటుంబం భరించాల్సిన ఇబ్బందులే అందుకు పెద్ద కారణమని చూపించాడు. పత్తి, పల్లికాయ పనులు ముమ్మరంగా ఉన్న వారాల్లో సెషన్‌ను సాయంత్రానికి మార్చండి, లేదా ముందే విరామం ప్రకటించండి. చెప్పి ఆపిన కుటుంబం తిరిగి వస్తుంది.

నాలుగు పరిస్థితుల్లో ఈ వరుసను ఆపి పైకి పంపాలి. ఆరో సెషన్ తర్వాత మూడు వారాలు సరిగ్గా చేసినా సున్నాలు తగ్గకపోతే, ఏడీహెచ్‌డీ లేదా రోజంతా వదలని చిరాకు, దిగులు ఉన్నాయేమో సైకియాట్రిస్టు చూడాలి. ఓడీడీకి ప్రత్యేకించి మందు లేదు. పక్కన ఏడీహెచ్‌డీ ఉంటే దానికిచ్చే మందు ఈ శిక్షణకు దారి సుగమం చేస్తుంది. జంతువులను హింసించడం, నిప్పు పెట్టడం, ఆయుధం పట్టడం కనిపిస్తే అది ఓడీడీని దాటింది. తల్లి దిగులుతో లేవలేని స్థితిలో ఉంటే ముందు ఆమెకు చికిత్స. 14416 టెలీ మానస్ నంబరు ఆమె ఫోనులో మీరే సేవ్ చేసి ఇవ్వండి. పిల్లవాడి ఒంటి మీద దెబ్బల గుర్తులుంటే, మాటల్లో లైంగిక వేధింపు జాడ ఉంటే సెషన్ల లెక్క పక్కనపెట్టి, చట్టం చెప్పినట్టు ఆ రోజే కదలాలి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098.